జల్తీర్ బంకు దాటాక

ఇలా నా పక్కకి జరుగు, తొగ్జాన్. ఆ దుప్పటి కాళ్ళ మీదికి లాక్కో, చాయ్ చల్లారకముందే తాగు. రేపు కొత్త కారులో ఆరాల్‌కి ఒక్కదానివే వెళ్తానంటున్నావు. వద్దనను. మీ అమ్మ వద్దంటుంది, నేను అనను. కానీ ఆ దారి సంగతి ఒకటి నీకు చెప్పి పంపాలి. మీ తాతయ్య ముందు సీట్లో కూర్చోవడం ఎందుకు మానేశాడని చిన్నప్పుడు నన్ను అడిగేదానివి. ఏదో చెప్పి తప్పించేదాన్ని. ఇవాళ తప్పించను.

నువ్వప్పటికి ఇంకా నడక నేర్వలేదు. నవంబరు నెల, మంచు పడలేదు గానీ నేల గట్టిపడింది. ఆరాల్ నుంచి కబురొచ్చింది: మీ తాతయ్య అక్క, నా వదిన బిబిజార్‌ని ఆసుపత్రివాళ్ళు ఇంటికి పంపేశారు. అలా పంపడమంటే ఏమిటో మనకి తెలియంది కాదు. పొద్దున్నుంచీ ఆమె ఒకటే మాట అడుగుతోందట, "నా తమ్ముడు వచ్చాడా?" అని.

ఆ అక్కాతమ్ముళ్ళకి చాలా ఏళ్ళుగా మాటల్లేవు. అది కూడా ఆ దారి వల్లే. మీ తాతయ్య లారీ నడిపే రోజుల్లో బిబిజార్ భర్త పోయాడు. ఈయన లోడుతో ఎక్కడో ఉన్నాడు. దింపేసి వస్తానన్నాడు, వచ్చేసరికి సమాధి మీద మట్టి వేయడం కూడా అయిపోయింది. తల్లి పోయాక తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచిన మనిషి ఆమె. ఆ రోజు తన పక్కన నిలబడాల్సిన ఒక్క మగవాడూ లేడు. అందరి ముందూ అంది, "నా చావుకి కూడా నువ్వు రాకు" అని. ఈయన రోషగాడు. మళ్ళీ ఆ గడప తొక్కలేదు.

పోయేవాళ్ళ దగ్గర మనవాళ్ళు చివరిసారి కూర్చుని చెప్పుకునే మాట నీకు తెలుసు కదా. 'నీ మీద నా మనసులో ఏమీ లేదు' అని వాళ్ళు అనాలి, మనం అనాలి. ఆ మాట అనకుండా పోతే అది ఉండేవాళ్ళ గొంతులో ముల్లులా ఉండిపోతుంది. మీ తాతయ్యకి కావలసింది ఆ ఒక్క మాట. అక్క నోటి నుంచి, అక్క ముఖం చూస్తూ.

బిబిజార్ కొడుకు సామత్ అప్పుడు మన ఊళ్ళోనే, ఈ అక్తోబేలోనే కారు నడుపుకుని బతికేవాడు. వాడు మీ తాతయ్యకి మేనల్లుడు. మేనమామకీ మేనల్లుడికీ మధ్య వేళాకోళం మన దగ్గర హక్కు. వాడేమన్నా మామ పడాలి, మామ ఏమన్నా వాడు పడాలి. అమ్మా మామా మాట్లాడుకోకపోయినా సామత్ మాత్రం వారానికోసారి వచ్చి నా చేతి చాయ్ తాగి, ఈయన్ని నాలుగు మాటలు దెప్పి వెళ్ళేవాడు. "మామా, నీ మీసం కంటే మా వీధి పిల్లి మీసం నయం," అనేవాడు. ఈయన చేతికర్ర విసిరేవాడు. అది ఎప్పుడూ తగిలేలా విసరలేదు.

ఆ రోజు సామత్ పొద్దున్నే వచ్చేశాడు.

"అత్తా, త్వరగా కానియ్యి. ఇప్పుడు బయల్దేరితే చీకటి పడేసరికి ఆ బయలు సగం దాటేస్తాం. సాయంత్రం దాటిందంటే సరిహద్దు తనిఖీలు ముగించుకుని లారీలన్నీ ఒక వరసగా వచ్చి పడతాయి. ఆ తోకలో ఇరుక్కుంటే ఇక అంతే."

"నాకు దారి నేర్పుతున్నాడు చూడు," అన్నాడు మీ తాతయ్య. "నువ్వు పుట్టకముందు నుంచీ ఆ దారిలో నడిపానురా."

"నువ్వు నడిపినప్పుడు అది దారి కాదు మామా, ఒంటెలు వేసిన గీత."

నవ్వుకున్నాం. కానీ బయల్దేరలేదు. అక్క దగ్గరికి ఇన్నేళ్ళ తరవాత వట్టి చేతులతో వెళ్ళనన్నాడు ఈయన. మా తమ్ముడి ఊరికి మనిషిని పంపి గొర్రెని కోయించాడు. ఆ మాంసం వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. ఈలోగా సామత్ ఫోను చేతిలో పెట్టాడు.

"మామా, జుపార్‌కి ఫోను చేస్తా. అమ్మ చెవి దగ్గర పెడుతుంది. ఒక్క మాట చెప్పు. మిగిలింది వెళ్ళాక మాట్లాడుకుందువు గానీ."

జుపార్ వాడి చెల్లెలు, తల్లి దగ్గర ఉన్నది అదే.

"నేనేమన్నా దొంగనా, డబ్బాలో దూరి క్షమించమనడానికి? ముఖం చూసి అడుగుతా. మా అక్క కూడా ముఖం చూసే చెబుతుంది."

సామత్ ఫోను జేబులో పెట్టేసుకున్నాడు. నేను నూనెలో వేయించిన బావుర్సాక్ రొట్టెలు మూటగట్టి, రెండు దుప్పట్లు, వేడి నీళ్ళ ఫ్లాస్కు వెనక సీట్లో పెట్టుకున్నాను. మీ తాతయ్య ముందు సీట్లో కూర్చున్నాడు. పెద్దమనిషి చోటు అది.

ఊరు దాటాక నెమ్మదిగా చీకటి పడింది. ఆ దారిలో చీకటి ఎలా ఉంటుందో రేపు చూస్తావు. దీపాలు ఉండవు, ఊళ్ళు ఉండవు. కారు ముందు రెండు వెలుగు చారలు, వాటి అవతల ఏముందో దేవుడికే తెలియాలి. సామత్ వాటి వెలుగు అందేంత దూరంలోనే ఆగగలిగేలా నడిపేవాడు, అంతకు మించి తొక్కేవాడు కాదు. ఎదురుగా లారీ వచ్చి కళ్ళు చీకట్లు కమ్మితే, ఆ దీపాల వైపు చూడకుండా కుడి పక్క అంచున ఉన్న తెల్ల గీత మీద చూపు పెట్టేవాడు. "గుర్రం కళ్ళయినా మెరుస్తాయి అత్తా," అని చెప్పేవాడు నాకు, "ఒంటె కళ్ళు మరీ పైన ఉంటాయి, దీపం అందదు. నీకు కనిపించేది కాళ్ళే. కాళ్ళు కనిపించేసరికి ఆలస్యమైపోతుంది." రాత్రి చల్లబడ్డాక పశువులు తారు మీదికి వస్తాయి కదా, ఇంకా వేడి ఉంటుందని. రెండు చోట్ల గుర్రాలు నిలబడి ఉంటే వాడు పూర్తిగా ఆగి, దీపాలు తగ్గించి, హారన్ కొట్టకుండా అవి వాటంతటవి కదిలేదాకా చూశాడు.

"తోలెయ్యరా వాటిని," అన్నాడు ఈయన.

"తోలితే ఎటు దూకుతాయో వాటికే తెలీదు మామా. నీలాగే."

జల్తీర్ అని ఒక బంకు ఉంది. ఆ తరవాత ఆ బయలులో బంకు అన్నది చాలా దూరం లేదు. సామత్‌కి ఒక అలవాటు ఉండేది, ట్యాంకు సగానికి దిగిందంటే ఎక్కడ బంకు కనిపించినా నింపేవాడు. ఆ రోజు హడావిడిలో అక్తోబేలో నింపలేదు, జల్తీర్‌లో నింపుదామనుకున్నాడు. డిక్కీలో డబ్బా కూడా ఉంది, అదీ ఖాళీయే. జల్తీర్‌లోనే నింపాలి.

వెళ్ళేసరికి బంకు నిండా లారీలు. వాడు పొద్దున్న చెప్పిన వరస అదే. డీజిల్ కోసం రోడ్డు దాకా నిలబడ్డాయి, పెట్రోలు పంపుకి దారి లేకుండా రెండు అడ్డంగా ఆగి ఉన్నాయి. వాటి డ్రైవర్లు లోపల భోజనం చేస్తున్నారట.

"వాళ్ళని లేపి తీయిస్తా," అన్నాడు సామత్. "కాసేపు పడుతుంది. ఒక లెక్కకి మంచిదే మామా, ఈ వరసని మన ముందు పోనిచ్చి, ఖాళీ రోడ్డు మీద హాయిగా వెళ్దాం."

మీ తాతయ్య తల అడ్డంగా ఊపాడు. "అక్కడ అక్క ప్రాణం గుప్పిట్లో పెట్టుకుని ఉంటే నేనిక్కడ లారీల వెనక నిలబడాలా? పోనియ్యి. షోకిసూలో బంకుంది. ఎన్ని రాత్రులు అక్కడ నింపుకున్నానో నాకు తెలుసు. ఈ లారీలు కదలకముందే వీటిని దాటిపోతాం."

"షోకిసూ మాటేమో మామా, నేనెప్పుడూ అక్కడ ఆగలేదు."

"నేనాగాను కదా."

నిజం చెప్పాలంటే అప్పుడు నాకూ ఆయన మాటే సబబుగా తోచింది. తొందరలో ఉన్న మనిషికి వరసలో నిలబడటం కంటే నరకం ఉండదు. సామత్ ఒకసారి పెట్రోలు ముల్లు వైపు, ఒకసారి లారీల వైపు చూసి బండి రోడ్డెక్కించాడు.

కొంత దూరం పోయాక గుల్జీరా హోటలు వచ్చింది. సామత్ ఎప్పుడూ అక్కడే ఆగేవాడు. బయట దీపం రాత్రంతా వెలుగుతుంది, లారీలు లోపలి ఆవరణలో నిలబడతాయి గానీ రోడ్డు పక్కన కాదు, ముక్కూ ముఖం తెలియనివాళ్ళు చీకట్లో వచ్చి తలుపు కొట్టరు. గుల్జీరా పొడవాటి మనిషి, గొంతు పెద్దది.

"ఏరా సామత్, ఈ ముసలాళ్ళని ఎక్కడికి ఎత్తుకుపోతున్నావు?"

"ఆరాల్‌కి అక్కా. షోకిసూలో పెట్రోలు పోయించుకుని."

ఆమె చాయ్ పోస్తున్న చెయ్యి ఆపింది. "షోకిసూలోనా? అక్కడేముంది, పంపులు పీకేసి ఎండాకాలం ముందే పట్టుకుపోయారు. గోడలు మిగిలాయి, కుక్కలు మిగిలాయి. జల్తీర్‌లో పోయించుకోలేదా?"

సామత్ కప్పు కింద పెట్టేశాడు. అక్కడ కూర్చున్న డ్రైవర్లని అడిగాడు. అందరివీ లారీలే, అందరి దగ్గరా డీజిలే. ఒకాయన, పాపం, డబ్బా నిండా ఇస్తానన్నాడు. "నీ డీజిల్ పోస్తే నా కారు ఇక్కడే పడుకుని నీతో పాటు గుర్రు పెడుతుంది అన్నా," అని సామత్ నవ్వాడు గానీ ముఖంలో నవ్వు లేదు. బయటికి వచ్చి కారు దగ్గర నిలబడి చెప్పాడు.

"మామా, వెనక్కి వెళ్దాం. పాతిక నిమిషాలు పోను, పాతిక రాను. ఈపాటికి ఆ లారీలు కూడా తగ్గి ఉంటాయి. అర్ధరాత్రి దాటిన కాసేపటికి ఇంట్లో ఉంటాం."

మీ తాతయ్య కారు తలుపు పట్టుకుని నిలబడ్డాడు. "వెనక్కి తిప్పొద్దు."

"మామా."

"మంచంలో ఉన్న మనిషి కోసం బయల్దేరిన దారి. దాన్ని వెనక్కి తిప్పకూడదు. మా అమ్మకి జబ్బు చేసినప్పుడు నాన్న గుర్రం ఎక్కి వైద్యుడి కోసం బయల్దేరాడు. కొరడా మరిచిపోయానని సగం దారి నుంచి తిరిగి వచ్చాడు. ఇంటికొచ్చేసరికి అమ్మ లేదు. నేను గుమ్మంలో ఉన్నాను, అక్క నన్ను ఎత్తుకుని ఉంది. నా కళ్ళతో చూశాను. నువ్వు నాకు చెప్పకు."

"అది కొరడా మామా. ఇది పెట్రోలు. కొరడా లేకపోయినా గుర్రం నడుస్తుంది."

"తిప్పొద్దన్నాను."

సామత్ తల గోక్కున్నాడు. వాడి బుర్ర పాదరసం. "సరే. నువ్వు తిరగొద్దు. అత్తా నువ్వూ ఇక్కడే గుల్జీరక్క దగ్గర కూర్చుని చాయ్ తాగండి. నేనొక్కణ్ణే పోయి నింపుకొస్తా. నీ దారి ఇక్కడే ఆగి ఉంటుంది, ఇక్కడి నుంచే ముందుకు సాగుతుంది. వెనక్కి తిరిగేది ఈ ఇనప డబ్బా ఒక్కటే. దీనికి అమ్మా లేదు, అక్కా లేదు."

ఇంతకంటే మంచి మాట ఎవరు చెబుతారు? నేనూ అన్నాను, "వాణ్ణి పోనియ్యవయ్యా. మనం వేడిగా కూర్చుందాం."

"నేనెక్కిన బండి నా గుర్రంతో సమానం," అన్నాడు ఈయన. "గుర్రం వెనక్కి తిరిగినా దారి తిరిగినట్టే. వాడు వెనక్కి తిప్పిన కారులో నేను ఆరాల్‌కి రాను. వాడు పోతే పోనీ, నేను నడిచి పోతాను." అని నిజంగానే కర్ర తీసుకుని రోడ్డు వైపు నాలుగడుగులు వేశాడు.

పెద్దమనిషి ఒక మాట మీద భీష్మించుకుంటే కుర్రవాడు ఏం చేస్తాడు? మన ఇళ్ళల్లో పెద్దల మాట కాదని కారు తిప్పినవాడు లేడు. సామత్ చాలాసేపు జల్తీర్ వైపే చూశాడు. అటు దూరంగా లారీల దీపాలు ఒక్కొక్కటే కదులుతూ వస్తున్నాయి. వరస విడిపోయింది, బంకు ఖాళీ అవుతోంది. వాడికి అది కనిపించింది, నాకూ కనిపించింది.

"ఎక్కు మామా," అన్నాడు.

ఆ తరవాత వాడు నడిపిన తీరు చూడాల్సింది. వేగం పెంచడు, తగ్గించడు, బ్రేకు ముట్టుకోడు. ఒక లారీ వెనకాల, దాని చక్రాల రాళ్ళు మన అద్దానికి తగలనంత ఎడంలో, గాలి దెబ్బ తగ్గేలా నిలకడగా పోతూ ఉన్నాడు. ఈయన హీటర్ కట్టెయ్యమన్నాడు. "వద్దు మామా, అది ఇంజను వేడి, ఎలాగూ ఉత్తపుణ్యానికే పోయేది. కనీసం నువ్వు తీసుకో," అన్నాడు. అదే ఆ రాత్రి వాడు వేసిన ఆఖరి హాస్యం. కాసేపటికి పెట్రోలు దీపం ఎర్రగా వెలిగింది. ఆ ఎర్ర చుక్కే చూస్తూ కూర్చున్నాం.

షోకిసూ గుల్జీరా చెప్పినట్టే ఉంది. పైకప్పు ఒకటి నిలబడి ఉంది, దాని కింద పంపుల చోట నేలలోంచి తీగలు లేచి ఉన్నాయి. ఊరు కూడా ఖాళీ అయిపోయింది, ఒక్క కిటికీలోనూ దీపం లేదు. ఫోనులో సిగ్నలు లేదు. మీ తాతయ్య దిగి ఆ తీగల చుట్టూ తిరిగి చూశాడు. తన కళ్ళతో చూస్తే తప్ప నమ్మనన్నట్టు చేత్తో తడిమాడు.

"పోనియ్యి," అన్నాడు తిరిగొచ్చి. "ఎంత దూరం వస్తే అంత దూరం."

అప్పుడు మాత్రం సామత్ మాట వినలేదు. "వచ్చినంత దూరం వచ్చి ఎక్కడాగుతుంది మామా? రోడ్డు మధ్యలో, దీపాలు కూడా ఆరిపోయి. వెనకొచ్చే లారీవాడికి మనం కనపడేసరికి మన మీద ఉంటాడు. ఇక్కడ గోడ ఉంది, రోడ్డుకి ఎడంగా ఉంది. ఇక్కడే ఉంటాం." కారుని గోడ పక్కకి చేర్చి, ఆరి వెలిగే దీపాలు పెట్టాడు. రోడ్డు అంచున ఎర్ర త్రికోణం నిలబెట్టాడు. నాకు రెండు దుప్పట్లూ కప్పి, డబ్బా పట్టుకుని రోడ్డు పక్కకి పోయి నిలబడ్డాడు.

లారీలు వచ్చాయి. జల్తీర్‌లో మేం దాటొచ్చిన లారీలే, ఒకటి వెనక ఒకటి. ఏదీ ఆగలేదు. నేను వాళ్ళని తప్పు పట్టను. చీకట్లో, నిర్మానుష్యమైన చోట చెయ్యి ఊపే మనిషి కోసం సరుకు లారీవాడు ఆగడు, ఆగొద్దని వాళ్ళ ఆడవాళ్ళే చెప్పి పంపుతారు. ఆగినా వాడి దగ్గర ఉండేది డీజిలే. పెట్రోలు కార్లు ఆ చలిలో, ఆ వేళలో ఏముంటాయి? రెండే వచ్చాయి, అవీ ఇంకా వేగం పెంచి పోయాయి.

కాసేపటికి ఈయన కూడా కారు దిగిపోయాడు. టోపీ తీసి ఊపుకుంటూ రోడ్డు మీదికి, గీత దాటి లోపలికి నడిచాడు. ఒక లారీ పెద్దగా హారన్ కొడుతూ పక్కకి తప్పుకుంది, దాని గాలికి ఆయన ఊగిపోయాడు. సామత్ పరిగెత్తి కాలరు పట్టుకుని వెనక్కి ఈడ్చాడు. మేనమామ మీద వాడు చెయ్యి వేయడం అదే మొదలు.

"ఈ ఇంట్లో పోయేవాళ్ళు ఒకరు చాలు మామా," అన్నాడు. ఊపిరి ఆడటం లేదు వాడికి. "ఒకరు చాలు."

ఈయన వచ్చి సీట్లో కూర్చున్నాడు. ఫ్లాస్కులోంచి వేడి నీళ్ళు పోసి ఇచ్చాను, తాగలేదు. "గుర్రం ఉంటే ఈపాటికి చేరేవాణ్ణి," అన్నాడు ఎప్పటికో. అంతే.

తెల్లవారుతుందనగా ఆరాల్ వైపు నుంచి చేపల వ్యాను ఒకటి వచ్చింది. పెట్రోలు వ్యాను. ఆరి వెలిగే దీపాలు చూసి ఆగాడు ఆయన, ఎర్ర త్రికోణం చూసి దొంగలు కాదనుకున్నాడట. గొట్టం ట్యాంకులోకి వేసి నోటితో లాగి మా డబ్బాలోకి పోశాడు. ఏమీ తీసుకోనన్నాడు. బలవంతాన మాంసంలో సగం ఇచ్చాను. తీసుకెళ్ళాల్సిన ఇల్లు వేరు, చేరిన ఇల్లు వేరు.

ఇక సామత్ తొక్కాడు. వెలుతురు వస్తోంది, రోడ్డు కనిపిస్తోంది. ఆరాల్ దగ్గర పడుతుండగా ఫోను మోగింది. చెవికి పెట్టుకున్నాడు. అవతల జుపార్ గొంతు. మాటలు నాకు వినిపించలేదు, గొంతు వినిపించింది. వీడు "ఊఁ" అన్నాడు. ఇంకోసారి "ఊఁ" అన్నాడు. పెట్టేశాడు.

తరవాత కారు నెమ్మదించింది.

మన దగ్గర చావు కబురు చటుక్కున చెప్పరు కదా. ఇంటికి తీసుకెళ్ళి, కూర్చోబెట్టి, చుట్టూ మనుషులు చేరాక, అటు నుంచీ ఇటు నుంచీ తిప్పి చెబుతారు. సామత్‌కి అది తెలుసు. తన తల్లి పోయిందన్న కబురు వాడే మింగి, మామకి చెప్పకుండా స్టీరింగు పట్టుకుని కూర్చున్నాడు. మేం రాత్రంతా చూసిన లారీలు, ఎక్కడో ఆగి నిద్రపోయి లేచినవి, ఒక్కొక్కటే మమ్మల్ని దాటిపోతున్నాయి.

మీ తాతయ్య జన్మంతా బండి నడిపిన మనిషి. వేగం ముల్లు వైపు చూశాడు. "ఎందుకురా తగ్గించావు?"

"పొద్దు కళ్ళల్లో పడుతోంది మామా," అన్నాడు సామత్. పొద్దు నిజంగానే ఎదురుగా ఉంది. ఒక్క క్షణం ఆగి అన్నాడు, "మీరు కాసిని నీళ్ళు తాగండి."

మీరు. నేను వెనక సీట్లోంచి విన్నాను. బొడ్డూడని నాటి నుంచీ మామని 'నువ్వు' తప్ప అనని పిల్లవాడు. మీ తాతయ్య నెమ్మదిగా టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. నీళ్ళు అడగలేదు, ఇంకేమీ అడగలేదు. ఎవరూ ఏమీ చెప్పకుండానే ఆయనకి తెలిసిపోయింది.

ఇంటి ముందు ఆడవాళ్ళ శోకాలు వీధి చివరికే వినిపించాయి. నేను లోపలికి వెళ్ళి వాళ్ళతో గొంతు కలిపాను. బిబిజార్ ముఖం మీద తెల్ల గుడ్డ కప్పి ఉంది. ఏడుపులు కొంచెం తగ్గాక ఈయన జుపార్‌ని పిలిచాడు. ఆ పిల్లకి అబద్ధం చెప్పడం చేతకాదు, ఇప్పటికీ చేతకాదు.

"అక్క నన్నడిగిందా?"

"అడిగింది మామా. అర్ధరాత్రి దాటాక కూడా చాలాసేపు తెలివిగానే ఉంది. అడుగుతూనే ఉంది. దారిలో ఉన్నాడమ్మా, వచ్చేస్తున్నాడు అన్నాను."

"ఏమంది?"

జుపార్ నా వైపు చూసింది. నేను తల తిప్పుకున్నాను. "అప్పుడూ దారిలోనే ఉన్నాడు, అంది."

"ఇంకేం అనలేదా?"

"నీళ్ళడిగింది."

ఆయన తల ఊపాడు. బయటికి వెళ్ళి, మగవాళ్ళ వరసలో గుమ్మం పక్కన కర్ర మీద వాలి నిలబడ్డాడు. ఈసారి మట్టి వేసేదాకా ఉన్నాడు. అందరికంటే ముందు ఆయనే వేశాడు. అందరూ వెళ్ళిపోయాక కూడా చాలాసేపు అక్కడే ఉన్నాడు. ఏం లాభం? తిరుగు దారిలో వెనక సీట్లో నా పక్కన కూర్చున్నాడు, మళ్ళీ ఎప్పుడూ ముందు సీటు ఎక్కలేదు.

సామత్ ఒక్క మాట అనలేదు, తెలుసా. అర్ధరాత్రి దాటాక కూడా తెలివిగా ఉన్న తల్లి దగ్గర తనూ లేడు. జల్తీర్‌కి తిరిగి వెళ్ళి ఉంటే ఉండేవాడు. తన చేతుల్లోనే స్టీరింగు ఉంది, తిప్పలేదు. మామని అనలేదు, తననీ అనుకోలేదు, మన ముందైతే అనుకోలేదు. పండగలకి వచ్చేవాడు, మాంసం తెచ్చేవాడు, కప్పులో చాయ్ అయిపోయేదాకా కూర్చునేవాడు. "మీరు బాగున్నారా మామా? మీ మోకాలు ఎలా ఉంది?" అనేవాడు. మీ తాతయ్య కావాలని రెచ్చగొట్టేవాడు. "ఏరా, నా మీసం ఎలా ఉందో చెప్పవేం?" అనేవాడు. వాడు తల దించుకుని "బాగుంది మామా, మీకు నప్పింది" అనేవాడు. ఆ చేతికర్ర విసిరే పని మళ్ళీ పడలేదు. గోడకి ఆనించి ఉండేది.

ఆయన పోయేటప్పుడు, అప్పటికి ఆరాల్‌కి మారిపోయిన సామత్ వేళకే వచ్చాడు. పగటిపూట బయల్దేరి, జల్తీర్‌లో నింపుకుని, చీకటి పడకముందే వచ్చాడు. మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఆయన చెయ్యి పట్టుకుని చెప్పాల్సిన మాట చెప్పాడు. "మీ మీద నా మనసులో ఏమీ లేదు మామా." ఈయన కళ్ళు తెరిచి చూశాడు. ఇంకా ఏదో వస్తుందని, ఒక్క వేళాకోళం, ఒక్క 'నువ్వు', అలా చాలాసేపు వాడి పెదవుల వైపే చూశాడు. రాలేదు. అలాగే కళ్ళు మూశాడు.

అందుకని చెబుతున్నాను, తొగ్జాన్. రేపు జల్తీర్‌లో ఎంత వరస ఉన్నా నిలబడు. పోయేది కాసేపే. వరస లారీల్ని ముందు పోనియ్యి, వాటిని దాటాలని చూడకు. గుల్జీరా ఇప్పుడు లేదు, ఆమె కోడలుంది, దీపం ఇంకా వెలుగుతూనే ఉంటుంది. నిద్ర వస్తే అక్కడే పడుకో గానీ చీకట్లో రోడ్డు పక్కన మాత్రం ఆగకు. షోకిసూలో ఈ రోజుకీ ఏమీ లేదు.

ఇంకొకటి. ఎప్పుడో ఒకప్పుడు నీ కారు ముందు సీట్లో కూడా ఒక పెద్దమనిషి కూర్చుంటాడు. మీ నాన్నే కావచ్చు, అత్తింటివాళ్ళు కావచ్చు. బయల్దేరిన దారి వెనక్కి తిప్పకూడదంటాడు. నువ్వు గట్టిగా మాట్లాడకు, గొడవపడకు. బండి పక్కకి ఆపి, దీపం ఉన్నచోటే ఆపి, ఈ కథ చెప్పు. మా నానమ్మ చెప్పిందని చెప్పు. పేర్లన్నీ చెప్పు, బిబిజార్ పేరు మరిచిపోకు. చివరిదాకా చెప్పి, ఆయన ఊరుకున్నాక బండి తిప్పు.

చాయ్ చల్లారిపోయింది. ఇటివ్వు, వేడిది పోస్తాను.